ఆ పెన్ను గురించి, అమ్మలూ

అమ్మలూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ స్నేహితురాలు ఒక అబ్బాయి మీద మనసు పడిందనీ, ఆ మాట నీకొక్కదానికే చెప్పిందనీ, తనని కాస్త ఏడిపించాలని నీ నోరు ఊరుకోవడం లేదనీ రాశావు. నలుగురిలో తను చిన్నబుచ్చుకుంటుందేమో అన్న భయం కూడా నీకుంది. ఆ భయం ఉంది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. నువ్వు ఉత్తరంలో ఆ అబ్బాయి పేరు రాశావు. తను చెప్పింది నీకు, నాకు కాదు కదమ్మా. నేను పెద్దదాన్నని, ఎక్కడో దూరంగా ఉన్నానని నీకు అనిపించి ఉంటుంది. కానీ గుట్టు జారేది ఇలాగే. ఎవరికో ఒకరికి చెప్పినా ఫరవాలేదనిపించిన చోటే జారుతుంది. నేను ఆ పేరు మళ్ళీ ఎత్తను.

నీ వయసులో నేను చేసిన పని ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకో స్నేహితురాలు ఉండేది. ఒక సాయంత్రం మెట్ల దగ్గర నిలబెట్టి, మా ఆఫీసులోనే పనిచేసే ఒకతను తనకి నచ్చాడని చెప్పింది. చెబుతూ చేతిలో ఉన్న కాగితం మడతపెట్టి మడతపెట్టి గోరంత చేసింది. మర్నాడు పొద్దున లిఫ్టులో మేం నలుగురం ఉన్నాం. రెండో అంతస్తులో అతను ఎక్కాడు. నేను ఒక్క మాట కూడా అనలేదు. గొంతు సవరించుకున్నాను, అంతే.

ఆ చిన్న శబ్దానికి పక్కనున్న ఆవిడ నా వైపు చూసింది. నేను ఎవరి వైపు చూస్తున్నానో చూసింది. నా స్నేహితురాలు తల దించుకోవడం చూసింది. ఆ తర్వాత అతన్ని చూసింది. నాలుగు చూపుల్లో సంగతంతా అర్థమైపోయింది ఆవిడకి. నా స్నేహితురాలు తను దిగాల్సిన అంతస్తుకి ముందే దిగిపోయింది. ఆ నెలంతా తను లిఫ్టు ఎక్కలేదు, మెట్ల మీదే వచ్చేది. నాతో మాట్లాడేది గానీ, అతని ఊసు మాత్రం మళ్ళీ నా దగ్గర ఎత్తలేదు.

నేనేమీ అనలేదు కదా అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. కానీ నలుగురిలో బయటపెట్టేది మాటలొక్కటే కాదు. దగ్గు, మోచేత్తో పొడవడం, అతను రాగానే ఇద్దరూ మాట ఆపేయడం, ఇవన్నీ మాటల కంటే గట్టిగా వినిపిస్తాయి. మాటనైతే విన్నవాళ్ళు పట్టించుకోకుండా వదిలేయొచ్చు. చూపు అలా కాదు, అది ఎటు పోతే అందరి కళ్ళూ అటే పోతాయి.

అందుకని నీకు పెట్టే మొదటి హద్దు ఇది. ఆ అబ్బాయి అక్కడ ఉంటే ఏమీ వద్దు. గుసగుస వద్దు, సైగ వద్దు, చిరునవ్వు కూడా వద్దు. దానికి కారణం మర్యాద ఒక్కటే కాదు, మన ఒళ్ళు కూడా. సిగ్గు పడితే మొహంలో నెత్తురు పొంగుతుంది, చెవులు వేడెక్కుతాయి. అది మన చేతిలో లేదు. చార్లెస్ డార్విన్ 1872లోనే ఈ సంగతి రాశాడు: ఆపుకోవాలని చూస్తే మనసు ఇంకా తన మీదికే పోయి, మొహం మరింత ఎర్రబడుతుందట. ఇక పక్కనుంచి 'అయ్యో చూడు, సిగ్గు పడుతోంది' అని ఎవరైనా అంటే పాపం ఆ పిల్ల ఏం చేస్తుంది? తప్పించుకునే దారే ఉండదు.

ఇక ఎలా ఆటపట్టించాలో చెబుతాను. నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఆ పెన్ను సంగతి. అతను తన దగ్గర పెన్ను అడిగి తీసుకున్నాడు, తిరిగివ్వలేదు, పది రోజులైనా తను అడగలేదు. అందులో నీకు కావలసినంత ఉంది. మీరిద్దరే ఉన్నప్పుడు, 'నా దగ్గర రబ్బరు తీసుకుంటే సాయంత్రంలోపు వసూలు చేస్తావు, పెన్ను మాత్రం దానం చేసేశావేంటే?' అను. ఇందులో నువ్వు నవ్వుతున్నది తను చేసిన ఒక చిన్న పని మీద. తన మనసు మీద కాదు, ఆ అబ్బాయి మీద అసలే కాదు. 'వాడిలో ఏం చూశావే' అంటే తన ఎంపికని తప్పుపట్టినట్టు. 'వాడు నిన్ను చూస్తాడా' అంటే, రాత్రి పడుకునే ముందు తను భయపడుతున్న మాటే నువ్వు పైకి అన్నట్టు. ఈ రెండూ నవ్వుతూ అన్నా గుచ్చుకుంటాయి. పెన్ను దగ్గరే ఉండు, మనసు దాకా వెళ్ళకు.

తన జవాబు జాగ్రత్తగా గమనించు. 'ఛీ పో' అని నిన్ను తోసి, తోసిన చెయ్యి నీ భుజం మీదే ఉంచితే, ఇంకొంచెం అనమన్నట్టే. తిరిగి నీకే ఒకటి అంటించినా అంతే. గొంతు తగ్గించి 'అలాంటిదేం లేదు' అని బ్యాగ్ సర్దుకోవడం మొదలుపెట్టిందంటే మాత్రం ఆపెయ్. అన్నిటికంటే ముఖ్యంగా కళ్ళు ఎటు పోతున్నాయో చూడు. నువ్వు అన్న వెంటనే నీ వైపు చూస్తే తనకి సరదాగానే ఉంది. ఇంకెవరైనా విన్నారా అని చుట్టూ చూస్తే, తన పెదవులు నవ్వుతున్నా సరే, భయపడిందని తెలుసుకో.

నీ ఉద్దేశం మంచిదే అని నీకు తెలుసు, తనకి తెలిసేది మాత్రం నీ మాటే. 2006లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఈ సంగతే చూశారు. ఆటపట్టించినవాళ్ళు ఇది సరదాయే అనుకున్నంతగా, ఆ మాట పడినవాళ్ళకి అది సరదాగా అనిపించలేదని తేలింది. అందుకే 'నేను ఊరికే అన్నాను' అన్నది నీ లెక్కలోకే తీసుకోకు.

నలుగురిలో ఉన్నప్పుడు అసలేమీ అనకూడదా అని అడుగుతావు. అనొచ్చు, కానీ ఆ మాటకి రెండు అర్థాలుండాలి. ఒకటి అందరికీ, ఒకటి తనకి. మీ ఐదుగురూ కూర్చుని రాసుకుంటున్నారనుకో. నువ్వు మామూలుగా తన వైపు తిరిగి, 'నీ దగ్గర ఇంకో పెన్ను ఉందా?' అని అడుగు. మిగతా ముగ్గురికీ అది వట్టి పెన్నే. తనకి మాత్రం లోపల గిలిగింత. పెన్ను ఇస్తూ నీ చేతి మీద ఒకటి వేస్తుంది, చూసుకో. తను నీతో కలిసి ఒక రహస్యంలో ఉన్నట్టుంటుంది కానీ, అందరి ముందూ నిలబెట్టినట్టు ఉండదు.

అనేముందు ఒక పరీక్ష పెట్టుకో. పక్కనున్నవాళ్ళు 'ఎందుకే?' అని అడిగితే అబద్ధం ఆడకుండా మామూలు జవాబు ఒకటి నీ దగ్గర ఉందా? 'నాది అయిపోయింది' అని చెప్పగలిగితే అను. ఆ రోజు నీ పెన్ను నిజంగానే రాస్తోందనుకో, అడగకు. అన్నాక నువ్వు నవ్వకూడదు, తన మొహంలోకి అదేపనిగా చూడకూడదు. నేను లిఫ్టులో చేసిన తప్పు అదే. అందరూ కలిసి కూర్చున్నప్పుడు ఒక్కసారి అంటే చాలు. అదే మాట మూడోసారి వస్తే 'ఏంటి మీ ఇద్దరి పెన్ను గొడవ?' అని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు 'ఏం లేదు, ఏం లేదు' అని ఇద్దరూ కలిసి అన్నారో, అయిపోయిందే! 'దీని పెన్నులు ఎప్పుడూ ఎవరో ఒకరు పట్టుకుపోతారు' అని తేలిగ్గా చెప్పి, ఆ మాటని ఆ రోజుతో వదిలెయ్. కొత్తది తర్వాత దొరుకుతుంది.

ఫోన్ దగ్గర ఇంకాస్త జాగ్రత్త. తన ఫోన్ బల్ల మీద ఉన్నప్పుడు నువ్వు పంపిన మెసేజ్ పైన వెలిగిందంటే పక్కవాళ్ళు చదివేస్తారు. కాబట్టి మీ ఇద్దరి మధ్యనైనా పేరు రాయకు. గ్రూపులో తన ఫొటో కింద గుండె బొమ్మలు పెట్టడం కూడా గొంతు సవరించుకోవడం లాంటిదే.

నువ్వు కాకుండా ఇంకెవరైనా మొదలుపెట్టారనుకో. అప్పుడు తన తరఫున 'అబ్బే, అదేం లేదు' అని వాదించకు. వాదిస్తే ఉన్నట్టే అనుకుంటారు. వాళ్ళతో కలిసి నవ్వకు కూడా. తనకి అక్కడి నుంచి లేచే వీలు కల్పించు. 'ఒకసారి నాతో రావా, పని ఉంది' అని లేపి బయటికి తీసుకుపో. బయటికొచ్చాక దాని గురించి నువ్వుగా అడగకు, తను చెబితే విను.

ఇన్ని చెప్పినా ఒక్కోసారి నోరు జారుతుంది. జారితే నలుగురి ముందే సారీ చెప్పకు. అలా చెబితే ఇంకోసారి అందరి కళ్ళూ తన మీద పడతాయి. వెంటనే వేరే మాటలోకి వెళ్ళిపో. ఆ రోజు గడవకముందే ఒంటరిగా కలిసి ఏం చేశావో అదే చెప్పు. 'పొద్దున వాళ్ళ ముందు నీ పెన్ను ఊసెత్తాను. తప్పు నాదే, ఇంకెప్పుడూ అనను.' అంతే. నీ బాధంతా చెప్పుకుని, తనే నిన్ను ఓదార్చాల్సిన పరిస్థితి తేకు. నేను ఆ నెలంతా రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే గడిపాను. చెప్పేనాటికి తను 'ఎప్పటి సంగతో, వదిలెయ్' అంది. వదిలేసింది నిజమే, కానీ మెట్ల దగ్గర ఆగి నాతో మాట్లాడటం కూడా అప్పటికే మానేసింది.

ఇంకొకటి. కొన్నాళ్ళకి తను ఆ అబ్బాయి కబుర్లు నీకు చెప్పడం తగ్గిస్తే ఆటపట్టించడం పూర్తిగా ఆపెయ్. మనసు ఇంకా గట్టిపడిందేమో, లేక అతనికి వేరే ఎవరో ఉన్నారని తెలిసిందేమో. ఏదైనా సరే, అప్పుడు పెన్ను మాట నవ్వు తెప్పించదు. పక్కన కూర్చో చాలు.

రేపు మీరు కలిసినప్పుడు నీ పెన్ను నిజంగానే అయిపోతే అడిగి చూడు. తను ఏమందో, నీ చేతి మీద ఎంత గట్టిగా వేసిందో నాకు రాయి. అతని పేరు మాత్రం రాయకు.

ప్రేమతో,
పెద్దమ్మ