చిన్న బాత్‌రూమ్ రెనొవేషన్ ప్రపోజల్‌లో బిఫోర్-ఆఫ్టర్ చిత్రం ఎలా ఉండాలి?

ప్రశ్న: నేను బాత్‌రూమ్ పనులు చేసే కాంట్రాక్టర్‌ని. సుమారు 5 బై 7 అడుగుల బాత్‌రూమ్‌కి కొటేషన్‌తో పాటు బిఫోర్-ఆఫ్టర్ చిత్రం ఇమ్మని ఓనర్ అడిగారు. ఫొటో ఎలా తీయాలి, 3డీ ఎలా చేయాలి? పని అయ్యాక "చిత్రంలో ఇలా లేదు కదా" అని గొడవ రాకూడదు.

జవాబు:

బాత్‌రూమ్ కాంట్రాక్టర్లకు ఇలాంటి చిత్రాలు గీసివ్వడమే నా పని. నా అనుభవంలో గొడవలు ఎక్కువగా రంగుల దగ్గర రావు, జాగా దగ్గర వస్తాయి. చిత్రంలో విశాలంగా కనిపించిన గది పని అయ్యాక ఇరుకుగా అనిపిస్తుంది. అందుకే రెండు చిత్రాలూ ఒకే చోట నుంచి, ఒకే కెమెరాతో చూసినట్టు ఉండి తీరాలి అంటాను.

ఫొటోతో మొదలుపెట్టండి. చిన్న గదిలో వెనక్కి జరగడానికి చోటుండదు కాబట్టి అందరూ ఫోన్‌లో 0.5x నొక్కేస్తారు. దాంతో గది మొత్తం వస్తుంది కానీ ఎదురు గోడ చాలా దూరంగా, అంచుల్లో ఉన్న కమోడ్ సాగదీసినట్టుగా కనిపిస్తాయి. మామూలు 1x లెన్స్‌తోనే, తలుపు బయట ఒక అడుగు వెనక్కి నిలబడి, ఫోన్ నిలువుగా పట్టి తీయండి. పక్కన తలుపు ఫ్రేమ్ కనిపించినా ఫరవాలేదు, అది తర్వాత పనికొస్తుంది. ఫోన్ పైకో కిందికో వంగకూడదు, వంగితే గోడల గీతలు వాలిపోతాయి. ట్రైపాడ్ మీద నేల నుంచి 1200 మి.మీ. ఎత్తులో పెట్టి, తలుపు ఫ్రేమ్ నుంచి ఎంత దూరం, ఎడమ గోడ నుంచి ఎంత దూరం అన్నది కూడా కొలిచి రాసుకోండి.

తర్వాత గది కొలతలతో 3డీ మోడల్ చేసి, అందులో కెమెరాని సరిగ్గా ఆ చోటే పెట్టాలి. స్కెచ్‌అప్ వాడితే Match New Photo అనే సదుపాయం ఉంది. ఏ సాఫ్ట్‌వేర్ అయినా చివరి పరీక్ష ఒకటే: మోడల్ నుంచి తీసిన చిత్రం, అంటే రెండర్ మీద పాత ఫొటోని సగం పారదర్శకంగా పరచి చూడండి. తలుపు ఫ్రేమ్, కిటికీ మూలలు, గోడా సీలింగూ కలిసే గీత ఒకదానిమీద ఒకటి కూర్చోవాలి. దగ్గరున్న ఫ్రేమ్ కలిసి, దూరంగా ఉన్న కిటికీ పెద్దగానో చిన్నగానో వస్తుంటే లెన్స్ అంకె మార్చి లాభం లేదు. లెన్స్ మారిస్తే దగ్గరివీ దూరానివీ కలిపి పెరుగుతాయి, తగ్గుతాయి. వాటి మధ్య నిష్పత్తిని మార్చేది కెమెరా నిలబడిన చోటు ఒక్కటే. కాబట్టి కెమెరా దూరం సరిచేయండి. సీలింగ్ గీతలన్నీ కలిసి కిటికీ ఒక్కటే తప్పితే, కిటికీ కొలత మళ్లీ తీసుకోవాలని అర్థం.

ఇక ఆఫ్టర్ చిత్రంలో అసలు కష్టం మందాలది. నేను చేసిన ఒక గది చెప్తాను. పాత టైల్స్ మధ్య 1500 మి.మీ. వెడల్పు, 2100 పొడవు. తలుపు చిన్న గోడకి, ఎదురుగా కిటికీ, దాని కింద షవర్. కమోడ్ ఎడమ పొడుగు గోడకి ఆనుకుని ఉంటుంది. పాత టైల్స్ కొట్టకుండా వాటి మీదే కొత్తవి అతికించాలన్నది కాంట్రాక్టర్ ఆలోచన. టైల్ 9 మి.మీ., అతికించే జిగురు పొర సుమారు 5 మి.మీ., అంటే గోడకి 14 చొప్పున గది లోపలికి వస్తుంది.

ఇది చాలా చిన్న తేడా అనిపిస్తుంది. కానీ కమోడ్ డ్రెయిన్ మధ్య బిందువు పాత గోడకి 300 మి.మీ. దూరంలో ఉంది, ఓనర్ ఎంచుకున్న కమోడ్‌కి కావలసిన దూరమూ 300. కొత్త టైల్ వచ్చాక మిగిలేది 286. ట్యాంకు గోడకి తగిలి కమోడ్ కూర్చోదు. మోడల్‌లో కమోడ్‌ని డ్రెయిన్ మీద పెట్టగానే ట్యాంకు గోడలోకి చొచ్చుకుపోవడం కళ్లకి కనిపించింది. చాలామంది ఇక్కడ కమోడ్‌ని కొంచెం ముందుకు జరిపి రెండర్ తీసేస్తారు. డ్రెయిన్ జరగదు కాబట్టి అది లేని జాగాని చూపించడమే. మేము ఎడమ గోడ టైల్స్ మాత్రం కొట్టి, కొత్త టైల్ ముఖం పాత టైల్ ముఖం దగ్గరే వచ్చేలా చేయాలని నిర్ణయించాం. ఆ కొట్టుడు ఖర్చు కొటేషన్‌లో ఒక లైనుగా చేరింది. పని మొదలయ్యాక తెలిసి ఉంటే అదే గొడవయ్యేది.

అలా వెడల్పు 1486 అయింది, కుడి గోడ ఒక్కటే లోపలికి వచ్చింది. ఎదురు గోడకి 600 వెడల్పు టైల్స్, 2 మి.మీ. జాయింట్లు. మూల నుంచి మొదలుపెడితే రెండు పూర్తి టైల్స్ వచ్చి, చివర 282 ముక్క మిగులుతుంది, తలుపు తీయగానే అదే కనిపిస్తుంది. మధ్యలో ఒక పూర్తి టైల్ పెడితే రెండు పక్కలా 441 చొప్పున సమానంగా వస్తాయి. సాఫ్ట్‌వేర్‌లో టైల్ బొమ్మని ఊరికే పరిచేస్తే ఈ లెక్క ఉండదు. జాయింట్లు ఎక్కడ పడితే అక్కడ పడతాయి, మేస్త్రీకి ఆ చిత్రం ఉపయోగపడదు. ఏ గోడకైనా జాయింట్ గీతల్ని నేను లెక్క ప్రకారమే గీస్తాను.

షవర్ నేల దగ్గర ఇంకా జాగ్రత్త. రెండర్లలో నేల అద్దంలా చదునుగా, పెద్ద టైల్స్‌తో అందంగా ఉంటుంది. నిజంలో నీళ్లు పోవాలంటే మీటరుకి 20 మి.మీ. దాకా వాలు ఇస్తాం. ఈ గదిలో నీళ్లు పోయే జాలీ మూలలో ఉంది, వాలు రెండు వైపుల నుంచి రావాలి. పెద్ద టైల్ రెండు దిక్కులకి వంగదు, ఏటవాలుగా కోయక తప్పదు. కోత గీతలతో పెద్ద టైల్స్ ఒక చిత్రం, 50 మి.మీ. చిన్న టైల్స్‌తో ఒక చిత్రం ఇచ్చాను. ఓనర్ వెంటనే చిన్నవి ఎంచుకున్నారు. కోత గీతలు చూపించకపోతే ఆయనకి ఎంచుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

వెలుతురు సంగతి క్లుప్తంగా చెప్తాను. కొటేషన్‌లో రెండు లైట్లుంటే రెండర్‌లోనూ రెండే ఉండాలి, కనిపించని లైట్లు అదనంగా పెట్టవద్దు. బిఫోర్ ఫొటోని కూడా కావాలని మసకగా తీయకండి, ఉన్న లైట్లన్నీ వేసి తీయండి.

ఓనర్‌కి ఇచ్చేటప్పుడు రెండు చిత్రాలూ ఒకే సైజులో పక్కపక్కన పెట్టి, ఆఫ్టర్ చిత్రంలో కనిపించే ప్రతి వస్తువు మీద కొటేషన్ లైను నంబరు వేయండి. అద్దం, టవల్ రాడ్, మొక్కల కుండీ లాంటివి మీ లెక్కలో లేకపోతే చిత్రంలోంచి తీసేయడం మేలు. కింద చిన్న అక్షరాలతో "ఇవి చేర్చలేదు" అని రాసినా ఎవరూ చదవరు. టైల్ రంగు స్క్రీన్ మీద నమ్మవద్దు, ముక్క చేతికివ్వండి. చిత్రం మీద తేదీ వేసి సంతకం తీసుకోండి. గోడ కొట్టాక లోపల పైపు అడ్డొచ్చి ఏదైనా జరపాల్సి వస్తే, అదే కెమెరా నుంచి చిత్రం మళ్లీ తీసి, కొత్త తేదీతో మళ్లీ సంతకం పెట్టించుకున్నాకే మేస్త్రీని ముందుకు వెళ్లమనండి.