కాంట్రాస్ట్ సీటీ తర్వాత మెట్‌ఫార్మిన్ మళ్లీ ఎప్పుడు?

“నాన్నగారికి 64 ఏళ్లు, క్రియాటినిన్ 1.6, ఈజీఎఫ్ఆర్ 48. సోమవారం ఉదయం 11కు కాంట్రాస్ట్ సీటీ తీశారు. మెట్‌ఫార్మిన్ ఆపమన్నారు. షుగర్ 210 ఉంది. మంగళవారమే మొదలుపెట్టవచ్చా?”

మంగళవారం వద్దండి. మెట్‌ఫార్మిన్ శరీరంలో మార్పు చెందకుండా మూత్రపిండాల ద్వారానే బయటకు పోతుంది. స్కాన్‌లో అవయవాలు స్పష్టంగా కనిపించేందుకు ఇచ్చే అయోడిన్ కాంట్రాస్ట్ మందుకూ ఆ మాత్రకూ నేరుగా వైరం లేదు. కాంట్రాస్ట్ తర్వాత మూత్రపిండాల పనితీరు తగ్గితే మాత్ర రక్తంలో పేరుకుపోయి, అరుదుగానైనా, రక్తంలో ఆమ్లం పెరిగిపోయే ప్రాణాంతకమైన లాక్టిక్ ఆసిడోసిస్‌కు దారితీయవచ్చు. మూత్రపిండాల వడపోత సామర్థ్యాన్ని చెప్పే ఈజీఎఫ్ఆర్ 30–60 మధ్య ఉంటే స్కాన్ సమయానికి మాత్ర ఆపమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో సూచించింది. 30 పైన ఉన్నవారికి సిరలో ఇచ్చే కాంట్రాస్ట్‌కు ఆపనక్కరలేదని అక్కడి రేడియాలజీ వైద్యుల సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ అంటుంది. మీ వైద్యులు జాగ్రత్త వైపు మొగ్గారు, అది సబబే.

చాలామంది వదిలేసేది రక్తపరీక్ష. రెండు రోజులు గడిస్తే చాలనుకుని మాత్ర వేసేస్తారు. మూత్రపిండాలు దెబ్బతిన్నా రక్తంలో క్రియాటినిన్ పెరగడానికి 24 నుంచి 48 గంటలు పడుతుంది కనుక మర్నాటి రిపోర్టు బాగున్నా దాన్ని నమ్మలేం.

1. బుధవారం ఉదయం 11 దాటాక క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ చేయించండి.
2. 1.6 దగ్గరే ఉంటే, రిపోర్టు వైద్యులకు చూపించి పాత మోతాదే మొదలుపెట్టవచ్చు.
3. 1.9 లేదా అంతకు మించితే (అంటే 0.3 పెరిగితే) మొదలుపెట్టకుండా అదే రోజు వైద్యులను కలవండి.

ఆయన వేసుకునే గ్లిమెపిరైడ్ వంటి ఇతర మాత్రల్లో మెట్‌ఫార్మిన్ కలిసి ఉందేమో అట్ట మీద చూడండి. అప్పటిదాకా 210కి ఏం చేయాలో ఫోన్‌లో వైద్యులనే అడగండి. ఈలోగా వాంతులు, ఆయాసం, విపరీతమైన నీరసం, మూత్రం తగ్గడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.