ఆదాయం నిలకడగా లేని ఫ్రీలాన్సర్‌కి అడ్వాన్స్ టాక్స్ లెక్క

ప్రశ్న: మాది అమలాపురం. రొయ్యల మేత సంచులకీ, ఎగుమతి డబ్బాలకీ డిజైన్లు చేస్తాను. ఒక నెల రెండు లక్షలొస్తాయి, ఇంకో నెల ఏమీ రావు. అడ్వాన్స్ టాక్స్ ఎలా లెక్కేసుకోవాలి? వచ్చిన దాంట్లో ఎంత పక్కన పెట్టాలి?

జవాబు:

మూడు నెలల్లో వచ్చిన డబ్బుని నాలుగింతలు చేసి ఏడాది ఆదాయం అనుకోకండి. ఆక్వా పార్టీలు పట్టుబడి అయ్యాకే డబ్బులిస్తారు, అందుకే మీ పనిలో ఆ లెక్క ఎప్పుడూ తప్పుతుంది. గడువు తేదీ వచ్చినప్పుడల్లా మూడు అంకెలు రాసుకోండి: ఏప్రిల్ నుంచి చేతికొచ్చింది, ఒప్పుకున్న పనుల మీద మార్చి 31లోపు కచ్చితంగా వచ్చేది, ఏడాది మొత్తం ఖర్చు. మొదటి రెండూ కలిపి మూడోది తీసేస్తే వచ్చేదే మీ అంచనా.

2025-26 కొత్త పద్ధతిలో ఒక లెక్క చూద్దాం. డిసెంబరు 15 నాటికి ఒక డిజైనర్ అంచనా రాబడి 12.6 లక్షలు, ఖర్చు 3.6 లక్షలు. నికరం 9 లక్షలు. 12 లక్షల లోపు రిబేటు ఉంది కాబట్టి పన్ను సున్నా. జూన్, సెప్టెంబరు, డిసెంబరు గడువుల్లో ఏమీ కట్టక్కర్లేదు. సంక్రాంతి వెళ్ళాక ఒక కంపెనీ 6 లక్షల పని ఇచ్చి, 10 శాతం టీడీఎస్ పట్టుకుని 5.4 లక్షలు పంపింది. ఇప్పుడు నికరం 15 లక్షలు. మొదటి 4 లక్షలకి పన్ను లేదు. తర్వాతి 4 లక్షలకి 5 శాతం చొప్పున 20,000, ఆ పై 4 లక్షలకి 10 శాతం చొప్పున 40,000, మిగతా 3 లక్షలకి 15 శాతం చొప్పున 45,000. సెస్సు 4 శాతం కలిపితే 1,09,200. టీడీఎస్ 60,000 పోగా 49,200 మార్చి 15లోపు కట్టాలి.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. టీడీఎస్ పట్టుకున్నారు కదా, ఇక పన్ను అయిపోయిందనుకుంటారు. రిబేటు పోవడంతో ఆ ఒక్క బిల్లు వల్ల పడిన పన్ను దాని మీద 18 శాతం పైనే, పట్టుకున్నది మాత్రం పదే. 12 లక్షలు దాటగానే సుమారు 12.7 లక్షల దాకా పైన సంపాదించినదంతా పన్నుకే పోతుంది. ఆ మధ్యలో ఆగేలా ఉంటే చివరి బిల్లు ఏప్రిల్లో తీసుకోవడమే మేలు. కాకపోతే మీరు డబ్బు చేతికొచ్చినప్పుడే ఆదాయంగా రాసే పద్ధతిని ఏటా పాటిస్తూ ఉండాలి.

ముందు మూడు గడువుల్లో కట్టలేదని వడ్డీ పడదా అంటారేమో. పడుతుంది. జూన్ 15కి 15 శాతం, సెప్టెంబరు 15కి 45, డిసెంబరు 15కి 75, మార్చి 15కి మొత్తం కట్టాలన్నది నియమం. తక్కువైన సొమ్ము మీద నెలకి ఒక శాతం చొప్పున మొదటి మూడు గడువులకీ మూడేసి నెలల వడ్డీ. బిల్లు ఆలస్యంగా వచ్చిందంటే మాఫీ లేదు. పై లెక్కలో మార్చి 15లోపు కట్టేస్తే అంతా కలిపి 2,000 లోపే. ఆ మాత్రానికి భయపడి జూన్‌లోనే ఊహించుకుని పెద్ద మొత్తం కట్టి, చేతిలో పెట్టుబడి లేకుండా కూర్చోవడం నాకు సబబుగా అనిపించదు. మార్చిలో 49,200 చేతిలో లేకపోవడమే అసలు ప్రమాదం.

అందుకే టీడీఎస్ లేని ప్రతి రాబడిలో 5 శాతం వేరే ఖాతాలో వేయండి. పై లెక్కలో 12.6 లక్షల మీద 63,000 అవుతుంది, బాకీ తీరిపోతుంది. మార్చి నాటికి నికరం 12 లక్షల లోపే ఉంటే ఆ డబ్బు మీదే. నికరం 16 లక్షలు దాటితే మాత్రం ఆ పైన 20 లక్షల దాకా వచ్చేదాంట్లో 21 శాతం పక్కన పెట్టాలి, టీడీఎస్ పోయి ఉంటే మిగతా 11.

ఖర్చుల్లో ల్యాప్‌టాప్ దగ్గర జాగ్రత్త. 90,000 పెట్టి నవంబరులో కొంటే ఆ ఏడాది ఖర్చుగా చూపించుకునేది 18,000 మాత్రమే. తరుగుదల 40 శాతం, మార్చిలోపు 180 రోజులు వాడకపోతే అందులో సగం.

ఇంకో బాధ, టీడీఎస్ పట్టుకుని ప్రభుత్వానికి జమ చేయని పార్టీలు. డబ్బు తక్కువిస్తారు, మీ పేరున జమైన పన్ను చూపించే Form 26AS లో చూస్తే ఏమీ కనబడదు. త్రైమాసిక రిటర్ను వాళ్ళు వేసే గడువు దాటాక కూడా కనబడకపోతే వెంటనే అడగండి, పట్టుకున్నట్టు తెలిపే బిల్లు సెటిల్‌మెంట్ కాగితం దాచుకోండి. అసలు పట్టుకోకుండా పూర్తిగా ఇచ్చేసిన పార్టీ ఉంటే, వాళ్ళు పట్టుకోవాల్సింది కదా అని మీ లెక్కలోంచి తీసేయకూడదు. ఆ పన్ను మీరే కట్టాలి.

2025-26 ఆదాయం మీద కట్టేటప్పుడు ఆదాయపు పన్ను సైటులోని e-Pay Tax లో అసెస్‌మెంట్ ఇయర్ 2026-27, రకం Advance Tax (100) ఎంచుకోండి. కంగారులో 2025-26 నొక్కితే డబ్బు వేరే ఏడాదికి జమైపోతుంది, దాన్ని సరిచేయించుకోవడం పెద్ద తలనొప్పి. టీడీఎస్ పోగా మిగిలే పన్ను 10,000 కన్నా తక్కువైతే అడ్వాన్స్ టాక్స్ కట్టక్కర్లేదు, రిటర్ను వేసేటప్పుడు కడితే చాలు.