లాభం ఎక్కువైనంత మాత్రాన విలువ పెరగదు

ప్రశ్న: సంస్థ లక్ష్యం లాభం పెంచడమే కదా, వాటాదారుల విలువ పెంచాలని ఎందుకంటారు? సొంత వ్యాపారానికీ కంపెనీకీ తేడా ఏమిటి?

లాభం అంకె ఆ డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో, ఎంత ఖాయంగా వస్తుందో చెప్పదు. ఒకే పెట్టుబడితో ఒక పథకం ఏడాది తర్వాత 100 లక్షలు, మరొకటి మూడేళ్ల తర్వాత 120 లక్షలు ఇస్తాయనుకుందాం. లాభమే కొలమానమైతే రెండోదే మేలు. కానీ అంతే రిస్కున్న మరోచోట వాటాదారులు ఏటా 12 శాతం సంపాదించగలిగితే, మొదటిదాని నేటి విలువ, అంటే అంత మొత్తం రావాలంటే ఈరోజు అక్కడ పెట్టాల్సిన సొమ్ము, సుమారు 89.3 లక్షలు, రెండోదానిది 85.4 లక్షలే. రిస్కు పెరిగితే వాళ్లు కోరే శాతమూ పెరిగి, విలువ ఇంకా తగ్గుతుంది. యంత్రాల మరమ్మతులు ఆపేస్తే ఈ ఏటి లాభం పెరిగినట్టే కనిపిస్తుంది గాని, రాబోయే ఏళ్ల రాబడి దెబ్బతింటుంది. అలాగని ఒక్కరోజు షేరు ధరను చూసి అదే విలువ అనుకోకూడదు.

సొంత వ్యాపారంలో యజమానే నిర్వాహకుడు కాబట్టి లక్ష్యాల మధ్య ఘర్షణ ఉండదు, లాభంపై పన్ను ఒక్కసారే పడుతుంది. అయితే అప్పు తీరకపోతే యజమాని ఇల్లూ పొలమూ కూడా పోవచ్చు. కంపెనీలో వాటాదారు నష్టం పెట్టిన సొమ్ముకే పరిమితం, వాటాను అమ్ముకోవచ్చు. కాకపోతే మన దేశంలో కంపెనీ లాభంపైనా, వాటాదారుకు అందే డివిడెండుపైనా పన్ను పడుతుంది. నిర్వాహకులు వేరే వ్యక్తులు కాబట్టి వాళ్లు ఎవరి మేలు చూడాలన్న ప్రశ్న అసలు పుట్టేది ఇక్కడే. చిన్న ప్రైవేటు కంపెనీలకు మాత్రం బ్యాంకులు తరచూ డైరెక్టర్ల వ్యక్తిగత హామీ అడుగుతాయి. సంతకం పెడితే, ఆ అప్పు వరకు పరిమిత బాధ్యత అనే రక్షణ వాళ్లకు ఉండదు.