స్టాకు వచ్చిందంటుంది, తెరిస్తే ఉండదు

"కూకట్‌పల్లిలో ఉంటాను. కూలర్ స్టాకు వచ్చిందని అలర్టు వస్తోంది, తెరిస్తే అందుబాటులో లేదంటోంది. ఎందుకండీ?"

అలర్టు పంపే సర్వర్‌కు మీ పిన్‌కోడ్ తెలియకపోవడమే కారణం కావచ్చండీ. చాలా సేవలు కొంత విరామానికోసారి పేజీని తెచ్చుకుని, లోపల ఈ వరుస ఉందా అని చూస్తాయి:

```
"availability": "https://schema.org/InStock"
```

సరుకు వేరే ఊరి గోదాములో ఉన్నా ఈ వరుస అలాగే ఉండవచ్చు.

ప్రైవేటు విండోలో పిన్‌కోడ్ ఇవ్వకుండా లింకు తెరవండి. స్టాకు కనిపించి, 500072 ఇవ్వగానే మాయమైతే ఇదే సంగతి. మొదటే కనిపించకపోతే, అలర్టు చేరేలోపు అమ్ముడుపోయి ఉంటుంది.

పిన్‌కోడ్ సంగతే అయితే, మీ బ్రౌజర్‌లోనే తనిఖీ చేసే ఎక్స్‌టెన్షన్ మేలు. సైటు గుర్తుంచుకున్న మీ పిన్‌కోడ్‌తోనే అది పేజీని చూస్తుంది. డెలివరీ తేదీ కనిపించే చోటును గమనించమని చెప్పండి. నిమిషానికోసారి మాత్రం వద్దు; సైటు క్యాప్చా చూపిస్తే అదీ మార్పుగానే లెక్కకొస్తుంది. కంప్యూటర్ ఆపితే తనిఖీ కూడా ఆగుతుంది.