శ్రీనూ, శనివారం ఆ ఆఫీసుకి వెళ్లొద్దు

శ్రీనూ,

హాలిడే మెంబర్‌షిప్ వదిలించుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. సంతకం పెట్టిన ఐదో రోజుకే వద్దనుకున్నావంటే గర్వంగానే ఉందిరా. కానీ శనివారం స్వయంగా వెళ్లి మాట్లాడతావని విన్నాక నాకు నిద్ర పట్టలేదు. వెళ్లొద్దు.

2014లో నేనూ మాల్‌లో కూపన్ నింపి, హోటల్లో మూడు గంటలు కూర్చుని, కార్డు మీద 45,000 కట్టి సంతకం పెట్టాను. పది రోజుల్లోపు రాతపూర్వకంగా కోరితే డబ్బు తిరిగిస్తామని అగ్రిమెంటు తొమ్మిదో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. నాలుగో రోజే ఫోన్ చేశాను. ఆ అబ్బాయి ఎంతో మర్యాదగా "రిక్వెస్ట్ పెట్టేశాను అంకుల్, మేనేజర్ కాల్ చేస్తారు" అన్నాడు. నమ్మి కూర్చున్నాను. మేనేజర్ పన్నెండో రోజు చేశాడు. మీ రిక్వెస్ట్ ఏదీ మా రికార్డులో లేదు, గడువు కూడా దాటిపోయింది అన్నాడు. నేను ఫోన్ చేశానని చూపడానికి నా దగ్గర ఒక్క కాగితం ముక్క లేదు. అది మీ పెద్దమ్మ మోకాలి ఆపరేషన్‌కి దాచుకున్న డబ్బు. ఆవిడ ఒక్క మాటా అనలేదు, నాకు ఇప్పటికీ గుచ్చుకునేది అదే.

అందుకే ముందు నీ అగ్రిమెంటులో క్యాన్సిలేషన్ పేరా తీసి, గడువు ఎన్ని రోజులో, ఏ రోజు నుంచి లెక్కో చూడు. సంతకం రోజు నుంచా, డబ్బు కట్టిన రోజు నుంచా అన్నదాని మీదే అంతా ఉంటుంది. మన దేశంలో ఈ మెంబర్‌షిప్‌లకంటూ వేరే చట్టం గడువు పెట్టలేదు, ఆ కాగితంలో ఉన్నదే నీకు ఆధారం. వాళ్లిచ్చిన ఫ్రీ స్టే వోచర్ మాత్రం ముట్టుకోకు, సేవలు వాడుకున్నావని కొర్రీ పెడతారు.

ఉత్తరం ఒక్క పేజీ చాలు. మెంబర్‌షిప్ నంబరు, సంతకం తేదీ, కట్టిన మొత్తం రాసి, "ఫలానా క్లాజు ప్రకారం గడువులోపే రద్దు కోరుతున్నాను" అంటూ ఆ క్లాజు మాటలు ఉన్నవున్నట్టు దించు. పూర్తి డబ్బు ఏ ఖాతాకి వేయాలో, మిగతా ఈఎంఐలు ఆపాలని కూడా రాయి. అగ్రిమెంటులో ఉన్న ఈమెయిల్‌కి ఈరోజే పంపి, అదే ఉత్తరం స్పీడ్ పోస్ట్‌లో వాళ్ల రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రసుకి వెయ్యి. రసీదు పారేయకు, డెలివరీ అయినట్టు చూపించే పేజీని స్క్రీన్‌షాట్ తీసుకో. వాళ్లు ఫోన్ చేస్తే "మెయిల్‌లో రాయండి" అని పెట్టెయ్, వాదించకు, నీకు మొహమాటం ఎక్కువ.

ఈఎంఐ మాత్రం ఉత్తరం వెళ్లకముందే ఆపకు, డిఫాల్టర్‌వి అంటారు. క్లాజులో చెప్పిన రోజుల్లో డబ్బు రాకపోతే జాతీయ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేద్దాం, అప్పటికీ కదలకపోతే జిల్లా కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్దాం. కేసు రెండేళ్ల లోపు వెయ్యాలి, కట్టిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు.

ఆ క్లాజు పేజీ ఫొటో తీసి ఇప్పుడే నాకు వాట్సాప్ చెయ్యి నాన్నా, మెయిల్ పంపేముందు ఒకసారి చదువుతాను.

మీ పెదనాన్న