యూసీలో ఒక మిగులు, ఎస్ఈలో ఇంకో మిగులు: సారాంశంలో ఏది రాయాలి?

ప్రశ్న: మా కాలేజీ రీసెర్చ్ ప్రాజెక్టు మొదటి ఏడాది యూసీ అనే వినియోగ ధ్రువీకరణ పత్రం, ఎస్ఈ అనే ఖర్చుల పట్టిక చూసి ప్రిన్సిపాల్‌కు ఒక పేజీలో మంజూరు, ఖర్చు, మిగులు, తేడాకు కారణాలు రాసివ్వమన్నారు. ఎస్ఈలో మిగులు ఒకటుంది, యూసీలో ఇంకొకటి, పాస్‌బుక్‌లో మూడోది. ఏది సరైనది? కారణాలు ఎక్కడినుంచి తేవాలి?

జవాబు: చాలావరకు మూడూ సరైనవే అయి ఉంటాయి. మూడూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు, అంతే. నేను ఒక యూనివర్సిటీ అకౌంట్స్ సెక్షన్‌లో ప్రాజెక్టు ఫైళ్లు చూస్తాను. ఇలాంటిదే ఒక ఫైలు నా దగ్గరికి వచ్చింది. అంకెలు కాస్త గుండ్రం చేసి చెబుతున్నాను.

కేంద్ర ప్రభుత్వ సంస్థ గ్రాంటు అది. 2023-24కి మంజూరు 12,00,000. చేతికి వచ్చింది 11,50,000. రసాయనాల పద్దులో 50,000 విడుదల కాలేదు. మార్చి 31కి లెక్క ఇలా తేలింది:

| పద్దు | మంజూరు | విడుదల | ఖర్చు | విడుదల మీద మిగులు |
|---|---|---|---|---|
| పరికరాలు | 6,00,000 | 6,00,000 | 5,42,800 | 57,200 |
| ప్రాజెక్ట్ అసిస్టెంట్ జీతం | 3,00,000 | 3,00,000 | 2,00,000 | 1,00,000 |
| రసాయనాలు, గాజుసామాను | 2,00,000 | 1,50,000 | 1,63,000 | −13,000 |
| ప్రయాణాలు | 50,000 | 50,000 | 18,500 | 31,500 |
| ఓవర్‌హెడ్స్ | 50,000 | 50,000 | 50,000 | 0 |
| మొత్తం | 12,00,000 | 11,50,000 | 9,74,300 | 1,75,700 |

ఎస్ఈ తయారుచేసినవాళ్లు మంజూరులోంచి ఖర్చు తీసేసి మిగులు 2,25,700 అని వేశారు. అందులో 50,000 అసలు రానే లేదు. రాని డబ్బు మిగలడమేమిటి? అది "ఇంకా రావలసింది" కిందికి పోవాలి. అది తీసేస్తే 1,75,700.

యూసీలో మాత్రం 1,97,100 ఉంది. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాలైన జీఎఫ్ఆర్ కింద యూసీకి వాడే 12-ఏ ఫారంలో పాత మిగులుకు వడ్డీ కలిపి, ప్రభుత్వానికి తిరిగి కట్టిన వడ్డీ తీసేసి, ఈ ఏడాది గ్రాంటు కలిపితే వచ్చేది అందుబాటులో ఉన్న మొత్తం. దాంట్లోంచి ఖర్చు పోతే ముగింపు నిల్వ. మాది మొదటి ఏడాది కాబట్టి పాత మిగులు లేదు. బ్యాంకు వేసిన వడ్డీ 21,400, అప్పటికి తిరిగి కట్టలేదు. 1,75,700కి అది కలిస్తే 1,97,100.

పాస్‌బుక్‌లో ఉన్నది 1,82,100. ఇంకో 15,000 ఎక్కడికి పోయిందని అరగంట వెతికాను. ఫిబ్రవరిలో ఫీల్డ్ ట్రిప్‌కని రీసెర్చ్ స్కాలర్‌కు అడ్వాన్సు ఇచ్చారు, బిల్లులు ఇంకా రాలేదు. సర్దుబాటు కాని అడ్వాన్సు ఖర్చు కాదు, చేతిలో ఉన్న డబ్బూ కాదు. యూసీ ఫారంలో చివర బ్యాంకు నిల్వకు, సర్దుబాటు కాని అడ్వాన్సులకు వేర్వేరు వరుసలుంటాయి. మొత్తం అంకె మాత్రమే చూసి ఫారం మూసేస్తే ఇవి కంటపడవు.

కాబట్టి ప్రిన్సిపాల్‌కు ఇచ్చే పేజీలో పై పట్టిక పెట్టి, కింద ఒక్క వాక్యం రాయండి: "విడుదల మీద మిగులు 1,75,700, వడ్డీ 21,400, కలిపి 1,97,100, ఇందులో బ్యాంకులో 1,82,100, అడ్వాన్సుగా బయట 15,000." ఈ వాక్యం కుదిరిందంటే మీ మూడు అంకెలూ ఒకదానికొకటి అతుకుతాయి. కుదరకపోతే సారాంశం ఆపి ముందు లెడ్జర్ తీయాలి. నా అనుభవంలో అలా కుదరనప్పుడు ఎక్కువసార్లు దొరికేది మార్చిలో ఇచ్చి ఏప్రిల్‌లో క్లియరైన చెక్కు.

మొత్తం మిగులుతో పాటు దాన్ని పరికరాలకిచ్చే క్యాపిటల్, మిగతా పద్దులకిచ్చే జనరల్‌గా విడగొట్టి కూడా చూపండి. ఇక్కడ క్యాపిటల్ 57,200, జనరల్ 1,18,500. 1,75,700 ఉంది కదా అని సార్‌లు రసాయనాలు ఆర్డర్ పెట్టేస్తారు. పరికరాల డబ్బు గ్రాంటిచ్చిన సంస్థ అనుమతి లేకుండా రసాయనాలకు వాడకూడదు. పైగా మార్చి 20న పెట్టిన 30,000 రసాయనాల ఆర్డర్ ఒకటి ఉంది, సరుకు ఏప్రిల్‌లో వచ్చింది. బిల్లు కట్టలేదు కాబట్టి అది ఆ ఏడాది ఖర్చులోకి రాదు. అయినా "కట్టవలసిన బాధ్యత" అని పట్టిక కింద ఒక మాట ఉండాలి.

ఇక కారణాలు. నా నియమం ఒక్కటే: కాగితంలో ఉన్న కారణమే రాస్తాను, అది అంకెతో సరిపోతుందో లేదో చూసి రాస్తాను. జీతం పద్దుకు ఎస్ఈ రిమార్క్స్‌లో "నియామకం ఆలస్యం" అని ఉంది. నెలకు 25,000. ఆగస్టు 1న చేరాడని జాయినింగ్ రిపోర్ట్ చెబుతోంది. అంటే ఎనిమిది నెలలు, 2,00,000. పైసాతో సహా సరిపోయింది, రాసేశాను. పరికరానికి "టెండరులో తక్కువ ధర" అని ఉంది. 4,60,000 మీద 18 శాతం జీఎస్టీ 82,800, కలిపి 5,42,800. ఇన్‌వాయిస్‌తో సరిపోయింది. రసాయనాలకు రిమార్క్ లేదు గానీ −13,000 చూసి ఎక్కువ ఖర్చు చేశారనకండి. మంజూరు 2,00,000 లోపే ఉన్నారు, విడుదలే తక్కువైంది. మిగతా జనరల్ పద్దుల డబ్బుతో నెట్టుకొచ్చారు. పద్దుల మధ్య అలా సర్దుకోవచ్చా లేదా అన్నది మీ మంజూరు ఉత్తర్వు షరతుల్లో చూడాలి.

ప్రయాణాల దగ్గరే నేను తప్పు చేశాను. రిమార్క్స్ గడి ఖాళీ. ఖాళీగా వదిలితే బాగుండదని "సదస్సుకు వెళ్లడం వీలు కాలేదు" అని నేనే రాసి పంపాను. వినడానికి నమ్మేలాగే ఉంది. రెండు నెలల తర్వాత ఆడిట్‌లో ప్రాజెక్టు నడిపే ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్‌ను ఏ సదస్సు అని అడిగితే ఆయనకు తెలియదు, నా దగ్గరికి వచ్చారు. నిజానికి ఆ 31,500లో 15,000 పైన చెప్పిన అడ్వాన్సే. ప్రయాణం జరిగింది, బిల్లే రాలేదు. మిగతా 16,500కి మాత్రమే కారణం కావాలి. అప్పటినుంచి రిమార్క్ లేనిచోట "ఎస్ఈలో కారణం పేర్కొనలేదు, 15,000 అడ్వాన్సు సర్దుబాటు కావాలి" అని రాస్తాను. ప్రిన్సిపాల్ కారణం కావాలంటే ఇన్వెస్టిగేటర్ చేత రాతపూర్వకంగా తెప్పించుకుంటారు. అది ఆయన మాట అవుతుంది, గుమాస్తా ఊహ కాదు.

ఇంకొక్కటి. వడ్డీని మిగులులో కలిపేసి వచ్చే ఏడాది ఖర్చుకు చూపకండి. జీఎఫ్ఆర్ 2017 ప్రకారం లెక్కలు ఖరారయ్యాక గ్రాంటు మీద వచ్చిన వడ్డీ కేంద్రానికి తిరిగి కట్టాలి. మేము భారత్‌కోశ్ పోర్టల్‌లో కట్టి, రసీదు నకలు యూసీ ఫైల్లోనే కుట్టేశాం. వచ్చే ఏడాది యూసీలో "తిరిగి కట్టిన వడ్డీ" గడిలో రాయాల్సిన అంకె ఆ రసీదు మీదే ఉంటుంది.